కుక్కకి టైము తెలీదని ఎవరన్నారండీ?

మొన్న సూర్యలంకలో మా పెద్దనాన్న గారింటికి వెళ్ళా. పక్కనే ఉన్న కొట్టుకెళ్ళి పది నిమిషాల్లో తిరిగొస్తే, వాళ్ళ కుక్క ఏడాది తర్వాత చూసినట్టు మీదకెక్కి నానా హంగామా చేసింది. "పది నిమిషాలైనా పది గంటలైనా దానికొకటే బావా" అని మా బావ తేల్చేశాడు.

తప్పు బావా! 2011లో స్వీడన్‌లో రేన్, కీలింగ్ అనే ఇద్దరు 12 పెంపుడు కుక్కల్ని ఇంట్లో అరగంట, రెండు గంటలు, నాలుగు గంటలు ఒంటరిగా వదిలి వీడియో తీశారు. అరగంటకి వచ్చిన యజమాని కన్నా రెండు గంటలకి వచ్చినాయనకి తోక ఊపడం, మీద పడటం ఎక్కువైంది. అన్నీ ఒకటే అయితే ఈ తేడా ఎక్కడిది?

రెండుకీ నాలుగుకీ మాత్రం తేడా కనబడలేదు. అలాగని నాలుగు గంటలు దానికి తెలీలేదనకండి. కాటా ముల్లు చివరికి ఆనుకున్నాక ఇంకెంత బరువేసినా కదలదు కదా, ఇదీ అలాంటిదే కావచ్చు. ఒంటరిగా ఉన్నంతసేపూ అది గంటలు లెక్కపెట్టిందా, మనల్ని చూశాకే గుర్తొచ్చిందా అన్నది ఆ ప్రయోగం తేల్చలేదు. పది నిమిషాల గంతులు కూడా టైము తెలీదనడానికి సాక్ష్యం కాదు, మనిషొచ్చాడన్న సంబరం అంతే.

"దానికేం తెలుసులే" అనుకుంటూ కుక్కని ఫ్లాటులో పెట్టి తాళమేసి, పది గంటలు ఆఫీసులో కూర్చునే మనకి బావ మాట భలే హాయిగా ఉంటుంది. అందుకే నాకు దాని మీద అనుమానం.