తాత మానిక... రేషన్ కిలో

మందమర్రిలో మా వాడకట్టులో ఒక ముసలి రైతు ఉన్నాడు. ఒకప్పుడు దొర దగ్గర జీతం ఉన్నవాడు. జీతం గింజలన్నీ మానికలు, కుంచాల లెక్కనే. నాలుగు మానికలైతే కుంచం. 'పెట్టేటప్పుడు ఒక కుంచం, తీసుకునేటప్పుడు ఒక కుంచం' అని ఆయన ఇప్పటికీ అంటాడు. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు.

మొన్న రేషన్ బియ్యం ఇంటికి వచ్చాయి. నలుగురికి మనిషికి ఆరు కిలోల చొప్పున 24 కిలోలు. తాత తన ఇత్తడి మానికతో కొలిచాడు. పదహారున్నర మానికలే అయ్యాయి. 'ఏడున్నర కిలోలు మింగిండు' అని డీలర్ మీదికి లేచాడు. మానిక అంటే కిలో అనేది ఆయన లెక్క.

ఎనిమిదో తరగతి చదివే మనవరాలు ఆయనను ఆపింది. 'తాతా, ముందు నీ మానికను తూకం వేద్దాం' అని కిరాణా కొట్టుకు తీసుకుపోయింది. అంచుకు సమంగా పుల్లతో గీసి పది మానికలు పోస్తే 12.5 కిలోలు తూగాయి. అంటే మానికకు కిలోంబావు. తాత కొలిచినట్టు పైన కుప్ప నిలిపి పది పోస్తే 14.5 కిలోలు. పదహారున్నరను 1.45తో గుణిస్తే దాదాపు 24. తూకం సరిగ్గానే ఉంది.

మానిక కొలిచేది గింజ పట్టే జాగాను, కాంటా చూపేది బరువును. అదే మానికలో వడ్లు పోస్తే బియ్యమంత తూగవు, ఎందుకంటే ఊక తేలిక, గింజల నడుమ సందు ఎక్కువ. అందుకే ఒక ఇంటి మానిక లెక్క ఇంకో ఇంటికి పనికిరాదు. ఎవరి మానికను వారే, తినే బియ్యంతోనే తూచుకోవాలి.

ఇప్పుడు ఆ ఇంట్లో నెలనెలా గీసి కొలుస్తారు. పంతొమ్మిది మానికలు పోయాక ఇంకో మానికలో అయిదో వంతు మిగిలితే 24 కిలోలు సరి. పద్దెనిమిదితోనే అయిపోతే కిలోన్నర తక్కువ వచ్చినట్టు. మానికకు ఇరవై గ్రాముల తేడా వచ్చినా మొత్తం మీద దాదాపు నాలుగు వందల గ్రాములవుతుంది. అందుకని అరకిలో లోపు తేడాను మానికతో తేల్చలేం. దానితో పంచాయితీ పెట్టుకోవద్దు.

చిన్న తేడాలు తేలేది దుకాణంలోని కాంటా మీదనే. ముందు ఖాళీ సంచి పెట్టించి సున్నా చూడాలి. అనుమానం ఉంటే విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూడాలి. తర్వాత ఈ-పాస్ రసీదులో రాసిన కిలోలు, కాంటా చూపిన కిలోలు ఒకటేనా చూసుకోవాలి.

నా మాట ఒక్కటే. ప్రతి రేషన్ దుకాణంలో ముద్ర ఉన్న అయిదు కిలోల రాయి అందరికీ కనబడేలా ఉండాలి. అడిగినవారి ముందు డీలర్ దాన్ని కాంటా మీద పెట్టి చూపాలి. మన గ్రామ కమిటీలు ముందుగా అడగాల్సింది దీన్నే. దొర కుంచాన్ని అడిగే దిక్కు అప్పుడు తాతకు లేదు. ఇప్పుడు కాంటాను అడిగే హక్కు మనవరాలికి ఉంది.