యాడ్ కుకీలు ఆఫ్ చేసినా యాడ్స్ ఆగవు.. మరి ఆ స్విచ్‌లు చేసేదేంటి?

వీడియో చూద్దామని లింక్ నొక్కగానే సగం స్క్రీన్ కప్పేస్తూ ఓ బాక్స్ వస్తుంది. Accept All పెద్దగా, రంగులో మెరుస్తూ ఉంటుంది. సెట్టింగ్స్ అన్న మాట దాని కింద చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. చాలామంది మొదటిది కొట్టేసి వీడియోలోకి వెళ్లిపోతారు. సెట్టింగ్స్ తెరిస్తే మూడు స్విచ్‌లు ఉంటాయి: నెససరీ, అనలిటిక్స్, అడ్వర్టైజింగ్. వీటిలో ఏది తిప్పితే ఏం మారుతుందో చూద్దాం.

కుకీ అంటే వెబ్‌సైట్ మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న చీటీ. లాగిన్, కార్ట్‌లో పెట్టిన వస్తువులు గుర్తుంచుకునేది నెససరీ కుకీ. దాన్ని ఆఫ్ చేయనివ్వరు. మీరు 'వద్దు' అన్న సంగతి కూడా సాధారణంగా ఇలాంటి చీటీలోనే రాసుకుంటారు. అందుకే బ్రౌజర్ డేటా క్లియర్ చేశాక అదే బాక్స్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

అనలిటిక్స్ ఆన్‌లో ఉంటే మీ బ్రౌజర్‌కి ఓ నంబర్ వేస్తారు. గూగుల్ అనలిటిక్స్ వాడే సైట్లలో దాని పేరు _ga, మామూలుగా గడువు రెండేళ్లు. నిన్న వచ్చినవాళ్లే ఇవాళ మళ్లీ వచ్చారా, వీడియో మధ్యలో వదిలేశారా అన్న లెక్క దాంతోనే తేలుతుంది. ఆఫ్ చేస్తే మీకు కనిపించే తేడా ఏమీ ఉండదు, సైట్‌వాళ్ల లెక్క కాస్త తప్పుతుంది, అంతే. అలాగని సైట్‌కి అసలేమీ తెలియదనుకోవద్దు. కొన్ని సైట్లు కుకీ లేకుండానే 'ఎవరో ఈ పేజీ తెరిచారు' అన్న సిగ్నల్ గూగుల్‌కి పంపుతూనే ఉంటాయి.

ఇక అసలు కథ అడ్వర్టైజింగ్‌ది. ఓ షాపింగ్ సైట్‌లో మీరు మిక్సీ చూశారనుకుందాం. ఆ పేజీలో షాపుతో పాటు ఓ యాడ్ కంపెనీ కోడ్ కూడా ఉంటుంది. అది మీ బ్రౌజర్‌కి తన నంబర్ వేసి, 'వీళ్లు మిక్సీ చూశారు' అని రాసుకుంటుంది. సాయంత్రం క్రికెట్ స్కోర్ కోసం వేరే సైట్ తెరిస్తే అక్కడా అదే కంపెనీ. నంబర్ గుర్తుపట్టి అదే మిక్సీ మళ్లీ చూపిస్తుంది. స్విచ్ ఆఫ్ చేస్తే తెగాల్సింది ఈ లింకే. యాడ్స్ సంఖ్య తగ్గదు. మిక్సీ బదులు, ఆ పేజీలో ఉన్న విషయాన్ని బట్టి క్రికెట్ బ్యాటో, మరొకటో వస్తుంది.

ఫోన్‌లో ఇంకో మెలిక ఉంది. ఆ స్విచ్ పనిచేసేది ఆ సైట్‌కి, ఆ బ్రౌజర్‌లో మాత్రమే. ఫేస్‌బుక్ యాప్ లోపలే తెరిచిన పేజీలో 'వద్దు' అన్న సంగతి క్రోమ్‌కి తెలియదు. యాప్‌లైతే కుకీల బదులు ఫోన్‌కి ఉండే అడ్వర్టైజింగ్ ఐడీని వాడతాయి. ఆండ్రాయిడ్‌లో దాన్ని తీసేయాలంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద యాడ్స్ అన్న చోటికి వెళ్లాలి.

సరే, ఆఫ్ అంటే నిజంగా ఆఫేనా? ఫ్రాన్స్‌లో ఈ ప్రశ్నకే భారీ జరిమానాలు పడ్డాయి. ఒప్పుకోవడానికి ఒక్క క్లిక్, వద్దనడానికి మాత్రం చాలా క్లిక్‌లు పెట్టారని అక్కడి డేటా నియంత్రణ సంస్థ సీఎన్ఐఎల్ 2022 జనవరిలో గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు వేసింది. 2025 సెప్టెంబరులో షీయిన్‌కి పడిన 15 కోట్ల యూరోల కథ ఇంకా ఘాటు. బాక్స్‌ని ఎవరూ ముట్టుకోకముందే కుకీలు పడ్డాయి, అన్నీ వద్దని నొక్కాక కూడా కొత్తవి పడ్డాయి అని తేల్చారు.

ఇది మనమూ చూసుకోవచ్చు, కాకపోతే కంప్యూటర్ కావాలి. క్రోమ్‌లో ఆ సైట్ డేటా క్లియర్ చేసి, పేజీ తెరిచి, బాక్స్‌ని అలాగే వదిలేయండి. F12 నొక్కి Application లోకి, అక్కడ Cookies లోకి వెళ్లండి. అప్పటికే _ga గానీ, ఫేస్‌బుక్ యాడ్స్‌ది అయిన _fbp గానీ కనిపిస్తే, మీరు ఏమీ చెప్పకముందే పని మొదలైపోయినట్టే.

మరి మన దగ్గర? జర్మనీలో ఉన్న మనవాళ్లకి బాక్స్ చూపించే సైటే, కరీంనగర్‌లో తెరిస్తే చాలాసార్లు ఏమీ అడగదు. యూరప్ చట్టం ముందుగా అడగమంటుంది, అందుకే ఆ తేడా. మన డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలని అందులో ఉంది. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై చేసినప్పుడు, ఈ సమ్మతి భాగం అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు.

ఈలోగా ఒకటి గుర్తుంచుకోండి. నిన్న Accept All కొట్టి ఇవాళ స్విచ్ ఆఫ్ చేసినంత మాత్రాన పాత చీటీలు పోతాయన్న గ్యారంటీ లేదు. అవి పోవాలంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఆ సైట్ డేటాను డిలీట్ చేసి, బాక్స్ మళ్లీ వచ్చినప్పుడు వద్దని చెప్పాలి.