థాంక్స్ చెప్పే ఉత్తరం కింద క్యూఆర్ కోడ్ ఎందుకు?



కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మన ఏజెన్సీలో చాలా ఊళ్లలో చిన్న చిన్న సంఘాలు చందాలు ఎత్తి పిల్లలకు పుస్తకాలు, దుప్పట్లు ఇస్తున్నాయి. డబ్బులు అడిగే మెసేజ్ రాయడం మనకు బాగానే వచ్చింది. ఇచ్చినవాళ్లకు కృతజ్ఞత చెప్పే ఉత్తరం మాత్రం రావడం లేదు. మేమూ తప్పు రాయబోయాం కాబట్టే చెప్తున్నాం.

పోయిన చలికాలం పాడేరు వైపు ఒక ఆశ్రమ పాఠశాల పిల్లల కోసం మా హాస్టల్ వాళ్లం, ఊరి సంఘం కలిసి చందా ఎత్తాం. 31 మంది ఇచ్చారు. వంద ఇచ్చిన కూలి మామ ఉన్నాడు, రెండు వేలు ఇచ్చిన రిటైర్డ్ మాస్టారూ ఉన్నారు. పని అయ్యాక ఉత్తరం రాశాం. "మీ దయ లేకపోతే ఈ పసిపిల్లలు చలికి వణికిపోయేవారు. ఇంకా ఎంతోమంది ఎదురు చూస్తున్నారు" అని రాసి, పిల్లలు దుప్పట్లు పట్టుకున్న ఫొటో పెట్టి, కింద క్యూఆర్ కోడ్ అతికించాం.

పంపే ముందు మాలో ఒకడు ఆ ఫొటో చూసి "ఇది మనమే కదరా" అన్నాడు. నిజమే. ఏడో తరగతిలో మమ్మల్నీ అలాగే బ్యానర్ ముందు నిలబెట్టారు. ఫొటో వచ్చేదాకా దుప్పటి చాపి పట్టుకోమన్నారు. తీయవచ్చా అని ఎవరూ అడగలేదు. ఆ రోజు దుప్పటి వెచ్చగానే ఉంది, కానీ ఆ ఫొటో గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాం. అదే పని మా తమ్ముళ్లకు చేయబోయాం.

ఆ ఉత్తరం చింపేసి ఇలా రాశాం:

"నమస్తే అక్కా. డిసెంబరు 3న మీరు పంపిన 500 రూపాయలు అందాయి. అందరిదీ కలిపి 24,000 అయింది. దుప్పటి 340 చొప్పున 60 కొన్నాం, 20,400 అయింది. ఆటో కిరాయి 1,200. మిగిలిన 2,400తో సాక్సులు కొంటున్నాం, వద్దంటే చెప్పండి. 58 మంది పిల్లలకు తలా ఒక దుప్పటి ఇచ్చాం, రెండు జ్వరం వచ్చినవాళ్ల కోసం వార్డెన్ గారి దగ్గర ఉంచాం. నాలుగింటికి కుట్లు ఊడితే షాపులో మార్పించాం. ఇంతకు ముందు ఇద్దరేసి ఒకే దుప్పట్లో పడుకునేవాళ్లు. మేము మళ్లీ వెళ్లిన రాత్రి ఎవరిది వాళ్లు కప్పుకున్నారు. బిల్లులు మా దగ్గర ఉన్నాయి, ఎప్పుడైనా చూడొచ్చు. మీరు ఇంకేమీ చేయనక్కర్లేదు. మా అందరి తరఫున కృతజ్ఞతలు."

వంద ఇచ్చిన మామకూ, రెండు వేలు ఇచ్చిన మాస్టారుకూ ఇదే ఉత్తరం. వాళ్ల పేరు, ఇచ్చిన తేదీ, మొత్తం మాత్రమే మారాయి. ఎవరెంత ఇచ్చారో లిస్టు కట్టి గ్రూపులో పెట్టలేదు. పెడితే వంద ఇచ్చినాయన వచ్చేసారి మొహం చాటేస్తాడు.

"దుప్పట్ల వల్ల హాజరు పెరిగింది అని రాయండ్రా, బాగుంటది" అని ఒక అన్న అన్నాడు. హాజరు పెరిగిందో లేదో మాకు తెలీదు. పెరిగినా అది దుప్పటి వల్లో, సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చినందువల్లో ఎలా చెప్తాం? కళ్లతో చూసింది మాత్రమే రాశాం.

ఇంకో మాట. ఉత్తరం వేరు, రసీదు వేరు. డబ్బు అందిన వెంటనే రసీదు ఇవ్వాలి, పని అయ్యాక ఉత్తరం రాయాలి. మాస్టారు 80జీ పన్ను రాయితీ వస్తదా అని అడిగారు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర దానికి అనుమతి తీసుకున్న సంస్థలకే అది వర్తిస్తుంది. మా సంఘానికి లేదు, రాదని నేరుగా చెప్పేశాం. ఆయనేం బాధపడలేదు. తీరా ఫైల్ చేసేటప్పుడు తెలిసుంటే బాధపడేవారు.

"వేడి మీద ఉన్నప్పుడే మళ్లీ అడగాలి, లేకపోతే వచ్చే ఏడాది ఎవడిస్తాడు?" అని కొందరి వాదన. మన ఊళ్లో పెళ్లికి బియ్యం, కోడి తెచ్చినవాళ్లకు ఏం చేస్తాం? కూర్చోబెట్టి అన్నం పెడతాం. చెయ్యి కడుక్కుంటుంటే "మళ్లీ ఎప్పుడు తెస్తావ్" అని అడుగుతామా? అడిగితే ఆ అన్నం అన్నం కాదు, బేరం. థాంక్స్ కింద క్యూఆర్ కోడ్ కూడా అంతే. వంద ఇచ్చినాయనకు "నీ వంద సరిపోలేదు" అన్నట్టు వినిపిస్తది. అవసరం వస్తే అప్పుడు వేరే మెసేజ్‌లో, ఎంత కావాలో ఎందుకో చెప్పి అడుగుదాం. అడగడం తప్పు కాదు. థాంక్స్ చెప్తున్నట్టు చెప్పి అడగడం తప్పు.

మీ సంఘం రాసిన ఉత్తరం ఉంటే పంపే ముందు ఒక్క పని చేయండి. ఆ దుప్పటి తీసుకున్న పిల్లాడికి చదివి వినిపించండి. వాడు తల దించుకుంటే మళ్లీ రాయండి.

జై ఆదివాసీ!