17 మందికి ఒక చిన్న మెసేజ్

పైన ‘సర్వే ఫారం నింపని తల్లిదండ్రుల జాబితా’ అని హెడ్డింగు. కింద వరసగా 17 పేర్లు. చివర ‘పిల్లల భవిష్యత్తు దృష్ట్యా ఈ రోజు సాయంత్రంలోగా తప్పనిసరిగా పూరించగలరు’ అని ఒక ముక్తాయింపు. డిసెంబరు మొదటి వారంలో మా అమ్మాయి తొమ్మిదో తరగతి గ్రూపులో వచ్చిన మెసేజ్ ఇది. మా పేరు ఆ జాబితాలో లేదు. అయినా చదవగానే నాకే తల కొట్టేసినట్టయింది. పేర్లున్న వాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ సర్వేలో అడిగింది రెండే ప్రశ్నలు. జనవరి నుంచి సాయంత్రం నాలుగు మొదలు ఐదున్నర దాకా అదనపు క్లాసు పెడితే మీకు సమ్మతమేనా? క్లాసయ్యాక మీ పిల్లలు ఇంటికి ఎలా చేరతారు? ఎనిమిది, తొమ్మిది తరగతులకు కలిపి పెట్టారు. మా క్లాసులో 41 మందికి 24 మంది జవాబు చెప్పారు. అందులో 21 మంది సరేనన్నారు. ఇంకేం, ఎక్కువ మంది ఒప్పుకున్నారు కదా, మిగిలిన వాళ్ళని బతిమాలడం ఎందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ ఆ 17 మంది ఎవరో చూడండి. 11 మంది మైపాడు వైపు సముద్రం ఒడ్డు ఊళ్ళ వాళ్ళు. ఆ తల్లుల్లో చాలామంది పొద్దున్నే రొయ్యల షెడ్డుకి పోయి, వలిచే పని ముగించుకుని దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరతారు. ఇంట్లో ఒకటే ఫోను, అదీ వేటకెళ్ళిన మగమనిషి జేబులో ఉంటుంది. వాళ్ళ ఆడపిల్లలు ఎక్కే బస్సు ఐదింటికి. అది తప్పితే షేర్ ఆటోనే దిక్కు. డిసెంబరులో ఐదున్నర దాటితే చీకటి. అంటే ఈ క్లాసు వల్ల ఎవరికి నిజంగా ఇబ్బందో, సరిగ్గా వాళ్ళే జవాబు చెప్పని వాళ్ళు. టౌనులో ఉండే మాకేం, స్కూటీ మీద వెళ్ళి తెచ్చుకుంటాం. ‘సరే’ అనడం మాకు సులువు.

క్లాసు టీచరమ్మ మంచి మనిషి. ‘నేను ముందే విడిగా గుర్తు చేశానండీ, ఒక్కరూ పలకలేదు’ అని బాధపడింది. ఎలా పంపారని అడిగితే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో అంది. అక్కడే ఉంది తిరకాసు. బ్రాడ్‌కాస్ట్‌లో పంపిన మెసేజ్, టీచరు నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్న వాళ్ళకే చేరుతుంది. సేవ్ చేసుకోని వాళ్ళకి అసలు రాదు, రాలేదని వాళ్ళకి తెలియదు కూడా. పంపిన మెసేజ్ మీద రెండో టిక్కు ఎవరెవరికి పడిందో చూసుకుంటే ఇది బయటపడుతుంది. చూడకపోతే, అందని మాటకి బదులు పలకలేదని నింద పడుతుంది.

ఫారంలో ఇంకో చిక్కుంది. ఒకరు రెండుసార్లు నింపకుండా `Limit to 1 response` అని పెట్టారు. అది పెడితే గూగుల్ ఖాతాతో లోపలికి వెళ్ళాలి. పాస్‌వర్డ్ ఎప్పుడో ఏ సెల్ షాపు కుర్రాడో పెట్టి ఉంటాడు, ఆ తల్లికేం గుర్తుంటుంది? పైగా ఎనిమిదిలో కూతురు, తొమ్మిదిలో కొడుకు ఉన్న ఒకావిడ కూతురి కోసం ఒకసారి నింపింది. కొడుకు కోసం తెరిస్తే `You've already responded` అని వచ్చింది. అయిపోయిందనుకుని ఫోను పక్కన పెట్టింది. ఆవిడ పేరు కూడా జాబితాలో ఉంది!

టీచరమ్మ ఆ సెట్టింగు తీసేసింది. ‘మీరు తెలుగు చదివారు కదా, మెసేజ్ కొంచెం రాసిపెట్టండి’ అని నన్నడిగింది. నేను రాసింది ఇది:

‘ఫలానా పాప వాళ్ళమ్మ గారికి నమస్కారం. నేను క్లాసు టీచర్ని. సాయంత్రం అదనపు క్లాసు గురించి అడిగిన రెండు ప్రశ్నలకు మీ జవాబు మాకింకా అందలేదు. క్లాసు సరే అన్నా, వద్దు అన్నా, టైము మార్చమన్నా పరవాలేదు. ఫారం తెరుచుకోకపోతే ఇక్కడే రాయండి, లేదా మాటల్లో చెప్పి పంపండి. శుక్రవారం రాత్రి దాకా చూస్తాం, శనివారం టైము ఖరారు చేస్తాం. ఇప్పటికే పంపి ఉంటే దీన్ని వదిలేయండి.’

‘మీరు నింపలేదు’ అంటే తప్పు వాళ్ళ మీద పడుతుంది. ‘మీ జవాబు మాకింకా అందలేదు’ అంటే ఉన్న సంగతి చెప్పినట్టు, అంతే. నిజానికి మనకు తెలిసింది కూడా అంతే కదా! ‘పూరించగలరు’ అనే ఆఫీసు మాట నాకెప్పుడూ నచ్చదు. అది వేడుకోలో, ఆజ్ఞో, ‘మీకా శక్తి ఉంది’ అనడమో తెలియదు. ‘రాయండి’ అంటే చాలు, అందులోనే మర్యాద ఉంది. ఇక ‘పిల్లల భవిష్యత్తు దృష్ట్యా’ అనే ముక్కని పూర్తిగా తీసేశాను. అది ముందు పెట్టి అడిగితే వద్దనాలనుకున్న తల్లి కూడా నోరు నొక్కుకుంటుంది. సర్వే గుర్తు చేస్తూ జవాబు కూడా మనమే అందించకూడదు. తప్పనిసరి కానిదాన్ని తప్పనిసరి అనడం కూడా నాకు సరిగా తోచదు. అలా అంటూ పోతే రేపు నిజంగా తప్పనిసరి అయిన రోజున ఎవరూ నమ్మరు.

బుధవారం రాత్రి ఎనిమిదింటికి, బ్రాడ్‌కాస్ట్‌లో కాకుండా, ఒక్కొక్కరికి విడిగా పిల్ల పేరు మార్చి పంపింది. 17 మెసేజ్‌లకి పావుగంట పట్టిందట. చదువు రాని తల్లులుంటారని అదే మాటను తన గొంతుతో కూడా చెప్పి పంపింది. శుక్రవారానికి 14 మంది పలికారు, సగం పైగా వాయిస్‌లోనే. ‘ఆరుకి షెడ్డు నించి వస్తాను మేడం, పిల్ల ఒక్కతే ఆటోలో వద్దు’ అని ఒకావిడ. వీరిలో నలుగురు సరే అన్నారు, 10 మంది వద్దన్నారు. మొత్తం 38 మందిలో 25 సరే, 13 వద్దు. ఓట్ల లెక్కన చూస్తే ముందు గెలిచిన మాటే ఇప్పుడూ గెలిచింది. కానీ ఆ 10 మంది రాసిన రెండో జవాబు ఒక్కటే: ఐదింటి బస్సు. అది చూశాక క్లాసుని నాలుగు ముప్పావుకే ముగించేట్టు మార్చారు.

మన రాష్ట్రంలో 2020లో ఇంగ్లీషు మీడియం మీద తల్లిదండ్రుల అభిప్రాయం అడిగారు, గుర్తుందా? ఏప్రిల్ 15న హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వులు కొట్టేశాక, వాలంటీర్లు మూడు ఎంపికలున్న కాగితం తీసుకుని ఇళ్ళకే వచ్చారు. ఇంగ్లీషు మీడియం కావాలన్న వాళ్ళు 96.17 శాతం అని లెక్క తేల్చారు. తెలుగు చదువుకున్న దాన్ని కాబట్టి ఆ అంకె చూసి నా మనసు చివుక్కుమన్న మాట నిజమే, అది వేరే కథ. ఇక్కడ నేను చెప్పేది, కాగితం గడప దగ్గరికొస్తే ఎవరు పలకలేదో ఎదురుగా కనిపిస్తుంది. కాకపోతే అడిగేవాళ్ళు ఎదురుగా నిలబడితే మొహమాటం కూడా ఉంటుంది. లింకు పంపితే మొహమాటం ఉండదు, మనిషీ కనిపించదు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మీలో ఎవరైనా ఆ కమిటీలో ఉంటే, ఈసారి మీ బడిలో సర్వే పెట్టినప్పుడు ఎంతమంది పలికారని అడగడంతో ఆగకండి. పలకని వాళ్ళు ఏ ఊరి వాళ్ళని కూడా అడగండి.

మిగిలిన ముగ్గురి సంగతి చెప్పలేదు కదూ. వాళ్ళకి రెండో మెసేజ్ పంపొద్దన్నాను. సోమవారం పిల్లల చేతికి చిన్న చీటీ ఇచ్చి పంపింది టీచరమ్మ. రెండు సంతకంతో తిరిగొచ్చాయి. మూడో ఆవిడ నంబరే మారిపోయిందట, చీటీ వెనకాల కొత్త నంబరు రాసి పంపింది.