థైరాయిడ్ ఉంటే క్యాబేజీ మానేయాలా?

ఇంట్లో ఒకరికి థైరాయిడ్ తక్కువగా ఉందని తేలగానే వంటింట్లోంచి ముందు వెళ్లిపోయేది క్యాబేజీ. తర్వాత సోయా, ఈమధ్య సజ్జలు కూడా. వీటిలో గాయిట్రోజెన్లు ఉన్నమాట నిజమే. కానీ అవి ఎక్కడ అడ్డుపడతాయో తెలిస్తే మీ నిషేధాల జాబితా బాగా తగ్గిపోతుంది.

థైరాయిడ్ గ్రంథి రక్తంలోని అయోడిన్‌ను లాక్కుని హార్మోన్ తయారుచేస్తుంది. క్యాబేజీని తరిగినా, నమిలినా దానిలోని ఒక ఎంజైమ్ వల్ల కొన్ని పదార్థాలు పుడతాయి. వాటి నుంచి వచ్చే థయోసైనేట్, గ్రంథిలోకి వెళ్లే అయోడిన్‌కు పోటీగా నిలబడుతుంది. ఒంట్లో అయోడిన్ సరిపడా ఉంటే ఆ పోటీ వల్ల పెద్ద నష్టమేమీ ఉండదు. పైగా కూర ఉడికేసరికి ఆ ఎంజైమ్ చాలావరకు పనిచేయకుండా పోతుంది. క్యాబేజీ జాతికే చెందిన బోక్‌చోయ్ వల్ల 88 ఏళ్ల వృద్ధురాలు థైరాయిడ్ పూర్తిగా పడిపోయి కోమాలోకి వెళ్లిన ఉదంతం 2010లో వైద్య పత్రికలో వచ్చింది. ఆవిడ దాన్ని పచ్చిగా, రోజుకు కిలో నుంచి కిలోన్నర వరకు, కొన్ని నెలలపాటు తిన్నారు. మన ఇళ్లలో నలుగురికి కలిపి వండే కూరకే అరకిలో ఎక్కువ.

సజ్జల విషయం కాస్త వేరు. వాటిలోని ఫ్లేవనాయిడ్లు ఉడికించినా పోవు. అయితే వీటికీ గాయిటర్‌కూ సంబంధం కనిపించింది సూడాన్‌లోని డార్ఫర్ లాంటి చోట్ల. అక్కడ పూటపూటా సజ్జలే తిండి, అయోడిన్ చూస్తే అంతంతమాత్రం. వారానికి రెండుసార్లు సజ్జరొట్టె తినే ఇంటికి ఆ పరిస్థితి లేదు. క్యాబేజీ మానేసి, ఆరోగ్యమని అయోడిన్ కలపని సైంధవ లవణానికి మారిన ఇళ్ల గురించే నాకు ఎక్కువ భయం.

గ్రంథి పనిచేయక లీవోథైరాక్సిన్ మాత్ర వేసుకునేవారికి హార్మోన్ చాలావరకు మాత్ర నుంచే అందుతుంది. క్యాబేజీ గ్రంథికి అడ్డుపడుతుంది గానీ మాత్రకు కాదు. మాత్రకు అడ్డుపడేది సోయా, అదీ పేగుల్లో. ఒక గృహిణి ఆరింటికి మాత్ర వేసుకుని, పావుగంటలో కాఫీ, ఆ వెంటనే సోయాపిండి కలిపిన రాగిజావ తాగుతున్నారనుకోండి. అంతకుముందు 3 ఉన్న టీఎస్‌హెచ్ 9కి చేరుతుంది. ఇంట్లోవాళ్లు క్యాబేజీని తిట్టుకుంటారు, డాక్టర్ మోతాదు పెంచుతారు. ముందు మార్చాల్సింది వేళలు. పరగడుపున మంచినీళ్లతో మాత్ర, గంట తర్వాత కాఫీ, సోయాజావ సాయంత్రానికి. ఐరన్, క్యాల్షియం మాత్రలు ఉంటే నాలుగు గంటల తేడాతో వేసుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకుంటే అసలు కారణం తెలిసిపోతుంది.

ఏళ్లుగా రోజూ సోయా తింటూ, దానికి తగ్గట్టు మోతాదు కుదిరినవారు మాత్రం ఒక్కసారిగా మానేయకండి. అదే మాత్ర అప్పుడు ఎక్కువై గుండెదడ రావచ్చు. మానాలనుకుంటే ముందే మీ డాక్టర్‌కు చెప్పండి.