ఐదు సెకన్ల సిగ్గు, ఆరో సెకనులో యాప్



ఈ మధ్య మా హాస్టల్లో ఎవరు ఫోన్ తెరిచినా ఒకటే తీరు ప్రకటన. ఇంటర్వ్యూ గది. నీ గురించి చెప్పమని ఇంగ్లిషులో అడుగుతారు. పిల్లగాడు "మైసెల్ఫ్..." అని మొదలుపెట్టి ఆగిపోతాడు. ఎదురుగా కూర్చున్నామె నవ్వు ఆపుకుంటుంది. అంతే, సంగీతం మారుతుంది. అదే పిల్లగాడు కోటు వేసుకొని గడగడా మాట్లాడేస్తుంటాడు, చేతిలో ఇంగ్లిష్ నేర్పే యాప్!

అంత తొందర ఎందుకంటే, యూట్యూబ్‌లో దాటేసే వీలున్న ప్రకటనకు ఐదు సెకన్ల తర్వాత స్కిప్ బటన్ వస్తుంది. ఆలోపే మన వేలు ఆగాలి. సిగ్గు బాగా ఆపుతుంది, ఎందుకంటే అది మనకు జరిగిందే. అది చల్లారకముందే సరుకు చూపించాలి. చల్లారితే మనం ఆలోచిస్తాం గదా.

మనోళ్లకు ఇది రెండింతలు తగులుతుంది. ఆశ్రమ పాఠశాలలో తెలుగు మాట దొరక్క గోండీలో జవాబు చెప్పినప్పుడు క్లాసంతా నవ్విన రోజు మాలో చాలామందికి ఇంకా గుర్తుంది. ఇంగ్లిష్ సంగతి తర్వాత, మా మొదటి సిగ్గు తెలుగుతోనే.

ఇంగ్లిష్ నేర్చుకోవద్దని మేం అనడం లేదు, మాకూ కావాలి. కానీ ఆ గదిలో తప్పు నవ్వినామెది. ప్రకటన ఆమె జోలికే పోదు, తప్పంతా పిల్లగాడి నాలుక మీద పెడుతుంది. తడబాటుకూ గడగడకూ మధ్యన ఉండే నెలల సాధనను కూడా కోసి పారేస్తుంది. తెర మీద పదాలు జతచేస్తే పదాలు వస్తాయి, కాదనం. మనిషి ఎదురుగా నోరు పెగలాలంటే మాత్రం మనిషితోనే మాట్లాడాలి. మేం రాత్రి భోజనాలయ్యాక ఇద్దరిద్దరం కూర్చొని మాట్లాడుకుంటున్నాం. మొదటి వారం నవ్వులే!

ఇంకో సంగతి. మా తమ్ముడొకడు "రూపాయే గదన్నా" అని ట్రయల్ తీసుకున్నాడు. పిన్ ఒక్కసారి కొట్టాడు. అది రూపాయికి మాత్రమే కాదు, ఆటోపేకు కూడా ఒప్పుకున్నట్టు. మూడు రోజులకు 299 పోయాయి, ఈసారి పిన్ అడగలేదు. ముందురోజు మెసేజ్ వచ్చిందట, చదవలేదు. కోపంతో యాప్ తీసేశాడు. వచ్చే నెల మళ్లీ కట్! యాప్ తీసేస్తే ఆటోపే ఆగదు. డబ్బులు పంపే యాప్‌లో ఆటోపే అనే చోటికి పోయి అక్కడ రద్దు చేయాలి. ఇప్పుడే ఒకసారి తెరిచి చూసుకోండి, మాలో ఇద్దరికి తెలియనివి కనబడ్డాయి.

ఇట్లాంటి వీడియో మనమే ఒకటి తీద్దామని మాట వచ్చింది. దండారికి ఇంటికొచ్చిన హాస్టల్ పిల్లగాడిని అమ్మమ్మ గోండీలో ఏదో అడుగుతుంది. వాడు తెలుగులో జవాబిస్తాడు. ఆమె ఇంకేమీ అడగకుండా ఊరుకుంటుంది. ఇంతవరకు ఐదు సెకన్లు సరిపోతాయి. ఆరో సెకనులో ఏం చూపించాలన్నదే ఇంకా తేలలేదు. వాడు ఆమె పక్కన పది నిమిషాలు కూర్చొని మాట్లాడితే ఎవరైనా చూస్తారా అని ఒకడంటాడు. మీరేమంటారు?