రీఫండ్ వేరు, పరిహారం వేరు

2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వరుసగా రద్దయినప్పుడు, 7వ తేదీ రాత్రి 8 గంటలలోగా రీఫండ్లు పూర్తిచేయాలనీ, చిక్కుకుపోయిన సామాన్లు 48 గంటల్లో ఇళ్లకు చేర్చాలనీ కేంద్రం ఆదేశించింది. టికెట్ డబ్బు తిరిగి వచ్చిందంటే లెక్క తీరిపోయినట్టు కాదు.

గన్నవరం నుంచి బెంగళూరుకు బయలుదేరిన గుడివాడ ప్రయాణికుడికి విమానాశ్రయం చేరాకే రద్దు సంగతి తెలిసిందనుకుందాం. గంట నుంచి రెండు గంటల ప్రయాణానికి అప్పటి డీజీసీఏ నిబంధన ప్రకారం పరిహారం రూ.7,500 లేదా ఇంధన ఛార్జీ కలిపిన మూల ఛార్జీ. రెండింటిలో ఏది తక్కువైతే అది. మూల ఛార్జీ రూ.4,000 అయితే దక్కేది ఆ నాలుగు వేలే, అదీ రీఫండ్‌కు అదనంగా. తుపాను వంటి కారణమైతే పరిహారం ఉండదు, రీఫండ్ మాత్రం ఇవ్వాల్సిందే. ఇండిగోలో జరిగినట్టు పైలట్ల డ్యూటీ వేళలు సర్దుకోలేకపోవడాన్ని సంస్థ తుపానుతో సమానం చేస్తే ఒప్పుకోనక్కర్లేదు.

కంగారులో టికెట్‌ను మనమే రద్దు చేసుకోకూడదు. అది మన రద్దుగా నమోదవుతుంది. సంస్థ పంపిన సందేశం దాచుకోవాలి. బ్యాగు రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి నకలు తీసుకోవాలి. సంస్థ పలకకపోతే కేసు కోసం బెంగళూరు వెళ్లనక్కర్లేదు: 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నివాసమున్న చోటే, అంటే గుడివాడ వాసి అయితే మచిలీపట్నం వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు.